పరీక్ష ఇంట్లోనా, సెంటర్‌లోనా? ముందు పేరు సంగతి తేల్చండి

"నేను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్టిఫికేషన్ పరీక్షకి ఫీజు కట్టాను. ఇంట్లోనే రాసేలా బుక్ చేసుకున్నాను. ఇంకా పది రోజులుంది. ఇప్పుడు భయం పట్టుకుంది. నా దగ్గరున్నది ఆఫీసు లాప్‌టాప్. మావారి దగ్గర ఒక పాత సొంత లాప్‌టాప్ ఉంది. నేను చదువుకునేది పడగ్గదిలో. టేబుల్ పక్కనే పుస్తకాల రాక్, ఎదురుగా గోడ మీద వైట్‌బోర్డు. ఐదేళ్ల బాబు తలుపు తోసుకుని వచ్చేస్తాడు. దగ్గరి సెంటర్‌కి బస్సులో మూడు గంటలు పడుతుంది. పైగా నా పాస్‌పోర్టులో పెళ్లికి ముందు ఇంటిపేరు ఉంది, డ్రైవింగ్ లైసెన్స్‌లో పెళ్లి తరవాతది. పరీక్ష అకౌంట్‌లో మాత్రం ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరమే ఇచ్చాను. సరైన పేరుతో కొత్త అకౌంట్ తెరిచేస్తే పోతుందంటారు మావారు. ఇంకో సంగతి: ప్రశ్న అర్థం కావాలంటే నేను దాన్ని పెదాలు కదుపుతూ చదువుకోవాలి. ఇంట్లో రాయనా, సెంటర్‌కి వెళ్లనా?" – ఒక పాఠకురాలు

ముందుగా మీవారితో కొత్త అకౌంట్ ఆలోచన మానుకోమని చెప్పండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఈరోజే ఆపాలి. ఒకే మనిషికి రెండు అకౌంట్లుంటే పాత సర్టిఫికెట్లు ఒకచోట, కొత్తవి ఇంకోచోట పడతాయి. కట్టిన ఫీజు, చేసిన బుకింగ్ పాత అకౌంట్‌లోనే ఉండిపోతాయి. తరవాత ఆ రెండింటినీ కలపమని సపోర్ట్ వాళ్లకి మెయిళ్లు పెట్టుకుంటూ కూర్చోవాలి. ఉన్న అకౌంట్‌లోనే పేరు సరిచేయించుకోవాలి.

మీరు ఇల్లా, సెంటరా అని అడిగారు. పేరు చిక్కుకి ఆ రెండూ ఒకటే. ఇంట్లో రాస్తే కెమెరాలో చూసేవాళ్లు ఆపుతారు, సెంటర్‌కి వెళ్తే కౌంటర్ దగ్గర ఆపుతారు. ఆపాక పరీక్ష ఉండదు, ఫీజు మామూలుగా తిరిగి రాదు. మూడు గంటలు బస్సులో వెళ్లి కౌంటర్ దగ్గర ఆగిపోవడం ఇంకా బాధ. అందుకే దీన్నే మొదట తేలుద్దాం.

వాళ్లు చూసేది నాలుగు విషయాలు. కార్డు ప్రభుత్వం ఇచ్చినదై ఉండాలి, దాని మీద ఫోటో ఉండాలి, పరీక్ష రోజుకి గడువు తీరి ఉండకూడదు, దాని మీది పేరు బుకింగ్‌లోని పేరుతో సరిపోవాలి. జిరాక్స్ గానీ, ఫోన్‌లో దాచుకున్న ఫోటో గానీ చెల్లవు, అసలు కార్డే కావాలి. మీ దగ్గర రెండు కార్డులున్నాయి కానీ బుకింగ్‌లోని పేరు రెండింటితోనూ కలవడం లేదు. దీన్ని తప్పు వైపు నుంచి సరిచేయబోయేవాళ్లు చాలామంది. పది రోజుల్లో కార్డు మార్పించుకోలేరు. అకౌంట్‌లో పేరు మార్చుకోవచ్చు. కాబట్టి ఒక కార్డు ఎంచుకుని, అకౌంట్‌ని దానికి తగ్గట్టు చేయాలి.

ఏ కార్డు ఎంచుకోవాలి? మీ సందర్భంలో నేనైతే పాస్‌పోర్టు వైపే మొగ్గుతాను. అందులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి విడివిడిగా ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడ నింపాలన్న అనుమానం రాదు. ఊహకి ఒక పేరు పెట్టుకుందాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో 'కొండూరు', పేరు గడిలో 'శ్రీ మాధవి' అని ఉందనుకోండి. మీ అకౌంట్‌లో మొదటి పేరు 'మాధవి', చివరి పేరు 'కె' అని ఉంది. మనకి ఆ 'కె' అంటే కొండూరే అని తెలుసు. మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషికి తెలియదు, ఊహించుకునే అధికారమూ ఆ మనిషికి లేదు. మొదటి పేరు గడిలో 'శ్రీ మాధవి' అని రెండు మాటలూ, చివరి పేరు గడిలో 'కొండూరు' అని పూర్తిగా ఉండాలి. పాస్‌పోర్టులో ఏ ఇంగ్లీషు అక్షరాలతో అచ్చయిందో అలాగే టైప్ చేయండి. మీరు మామూలుగా ఒక 'a' ఎక్కువ పెట్టి రాసుకునే అలవాటున్నా సరే, అచ్చులో ఉన్నదే లెక్క. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు కూడా నాకు రాస్తుంటారు. వాళ్లు ఆ గడిలో చుక్కో, గీతో పెట్టి ఊరుకోకుండా, ఏం నింపాలో సపోర్ట్ వాళ్లనే అడిగి జవాబు మెయిల్‌లో తెప్పించుకోవాలి.

పెళ్లి తరవాతి ఇంటిపేరుతోనే సర్టిఫికెట్ రావాలని మీకుంటే లైసెన్స్‌ని ఎంచుకోవచ్చు. అప్పుడు రెండు చూసుకోవాలి. ఒకటి, ఆ లైసెన్స్‌ని మీ పరీక్షకి గుర్తింపు పత్రంగా ఒప్పుకుంటారా అన్నది మీ పరీక్ష నిబంధనల పేజీలో చూడాలి. రెండోది, సెంటర్లలో చాలాచోట్ల రెండు గుర్తింపు పత్రాలు అడుగుతారు, వాటిలో ఒకదాని మీద సంతకం కూడా ఉండాలంటారు. ఆ రెండింటి మీదా ఒకే పేరు ఉండాలి. ఒక చేత్తో పాస్‌పోర్టు, ఇంకో చేత్తో లైసెన్స్ చూపిస్తే మీ రెండు ఇంటిపేర్లూ కౌంటర్ మీద పక్కపక్కనే పడతాయి. ఇంట్లో రాస్తే మామూలుగా ఒక్క కార్డుతో సరిపోతుంది. మీ విషయంలో ఇల్లు, సెంటరు నిజంగా తేడా చూపించేది ఇక్కడే. సెంటరే ఖాయమైతే పాస్‌పోర్టుకి తోడుగా పాత ఇంటిపేరుతోనే ఇంకో కార్డు ఇంట్లో ఉందేమో ఇవాళే వెతకండి.

మార్చడం ఎలా అంటే, మైక్రోసాఫ్ట్ లెర్న్ ప్రొఫైల్‌లో సర్టిఫికేషన్ ప్రొఫైల్ అని విడిగా ఉంటుంది. అందులోని పేరే పరీక్ష నడిపే పియర్సన్ వ్యూ వాళ్లకి వెళ్తుంది. మీరు ముందే బుక్ చేసేశారు కాబట్టి ప్రొఫైల్‌లో మార్చినంత మాత్రాన బుకింగ్‌లో మారిందని అనుకోవద్దు. బుకింగ్ వివరాల పేజీ మళ్లీ తెరిచి అక్కడ ఏ పేరుందో కళ్లతో చూడండి. పాతదే ఉంటే సపోర్ట్‌కి రాయండి, పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అలాగే టైప్ చేసి పంపండి. జవాబుకి కొన్ని రోజులు పట్టొచ్చు. పరీక్షకి నాలుగు రోజులు ముందు వరకూ మారకపోతే తేదీ జరిపేయండి. మైక్రోసాఫ్ట్ పరీక్షల్లో 24 గంటల ముందు వరకూ తేదీ మార్చుకోవచ్చు. ఆ గీత దాటాక మార్చినా, రద్దు చేసినా ఫీజు పోయినట్టే.

ఇక ఇల్లా, సెంటరా అన్నదానికి వద్దాం. మీ ఉత్తరంలో ఎక్కువ చోటు గదికి, బాబుకి దక్కింది. నాకు వాటి కన్నా ఆ ఆఫీసు లాప్‌టాప్ ఎక్కువ బెంగగా ఉంది. గదిని ఒక సాయంత్రం కూర్చుని సర్దుకోవచ్చు. ఆఫీసు లాప్‌టాప్ మాత్రం మీ చేతిలో లేదు.

ఇంటి పరీక్షని నడిపేది ఆన్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్. అది మొదలవగానే మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయమంటుంది. స్క్రీన్ షేర్ చేయగలిగేవి, దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపించేవి, వీడియో కాల్స్‌వి ఏవీ వెనక నడవకూడదు. ఆఫీసు లాప్‌టాప్‌లో సరిగ్గా అలాంటివే కంపెనీ వాళ్లు పెట్టి ఉంచుతారు. మీరు మూసేసినా నిమిషంలో వాటంతటవే మళ్లీ లేస్తాయి, ఎందుకంటే లేవాలనే వాటిని అలా అమర్చారు. వాటిని పూర్తిగా ఆపే అనుమతి మీ లాగిన్‌కి ఉండదు. దీనికి తోడు వీపీఎన్, ఫైర్‌వాల్ ఉంటాయి. అవి కెమెరా వీడియో బయటికి వెళ్లకుండా అడ్డుకోవచ్చు. కంప్యూటర్ పరీక్షకి సరిపోతుందో లేదో చూసే సిస్టమ్ టెస్ట్ నిన్న పాసైంది, ఇవాళ ఫెయిలైంది అని జనం వాపోయేది ఎక్కువగా ఆఫీసు మెషిన్ల మీదే. రాత్రికి రాత్రి కంపెనీ నుంచి ఒక అప్‌డేట్ వచ్చి కూర్చుంటుంది, మీకు కబురుండదు.

అందుకని మీవారి పాత లాప్‌టాప్ బయటికి తీయండి. పాతదైనా పరవాలేదు గానీ అందులో విండోస్ లేదా మ్యాక్ వెర్షన్ ఆన్‌వ్యూ ఒప్పుకునేదై ఉండాలి, కెమెరా, మైకు పనిచేయాలి. పరీక్ష రాయబోయే గదిలోనే, అదే ఇంటర్నెట్ మీద, అదే సమయంలో సిస్టమ్ టెస్ట్ చేయండి. సమయం ఎందుకంటే, ఇంట్లో మిగతావాళ్లు ఫోన్లలో వీడియోలు చూసే వేళ లైను నెమ్మదిస్తుంది. మైకు, కెమెరా, ఇంటర్నెట్ దగ్గర ఆకుపచ్చ టిక్కులు రాగానే ఆపేయకండి. ఆ టెస్ట్ చివర్లో పరీక్ష తెర తెరుచుకునే నమూనా ఒకటి ఉంటుంది, అక్కడి వరకూ వెళ్లండి. కంప్యూటర్లు ఎక్కువగా ఆగిపోయేది ఆ మెట్టు దగ్గరే. వీలైతే లాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద మాత్రం రాయొద్దు, వాళ్లూ వద్దనే చెప్తారు.

ఈ సిస్టమ్ టెస్ట్ రెండు వేర్వేరు రోజుల్లో చివరిదాకా సాఫీగా నడిస్తే ఇంటి దారి తెరిచి ఉన్నట్టే. ఒక్కసారి తడబడినా, కారణం తేలకపోయినా సెంటర్‌కే వెళ్లండి. అక్కడ కంప్యూటర్ మొరాయిస్తే అది వాళ్ల తలనొప్పి. వాళ్లే ఇంకో సీటు చూస్తారు, లేదా ఇంకో తేదీ ఇస్తారు. ఇంట్లో మొరాయిస్తే మీ మెషిన్‌ది తప్పా, వాళ్లదా అని తేల్చుకునే బరువు మీ మీద పడుతుంది.

ఉత్తరం చివర్లో 'ఇంకో సంగతి' అంటూ రాసిన ఆ పెదాల అలవాటుని మీరు చిన్నదనుకున్నట్టున్నారు. నా లెక్కలో అది గది కన్నా పెద్దది. ఇంట్లో రాసేటప్పుడు కెమెరాలో కనిపించేది మీ ముఖం ఒక్కటే. పెదాలు కదిలితే మీరు ఎవరికో ప్రశ్న చదివి వినిపిస్తున్నారేమో అని, కెమెరాలో మిమ్మల్ని కనిపెట్టి చూసే ప్రోక్టర్‌కి అనుమానం వస్తుంది. ముందు చాట్‌లో హెచ్చరిస్తారు. మానకపోతే పరీక్ష ఆపేయొచ్చు. ఆలోచిస్తూ పక్కకి చూడటం, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నోరు మూసుకోవడం, తెర దగ్గరికి వంగి సగం ముఖం కెమెరాలోంచి తప్పిపోవడం కూడా అంతే. సెంటర్‌లోనూ గట్టిగా చదవనివ్వరు గానీ, అక్కడ మనిషి ఎదురుగా ఉంటాడు, మీ చుట్టూ ఎవరూ లేరని చూస్తూనే ఉంటాడు. శబ్దం రాకుండా పెదాలు కదిలితే దాన్ని ఇంత గొడవగా చూడరు. పైగా సెంటర్‌లో చెరిపి రాసుకునే బోర్డు, మార్కర్ ఇస్తారు. ఇంట్లో కాగితం, పెన్ను ఉండకూడదు, తెర మీది వైట్‌బోర్డులో మౌస్‌తో గీసుకోవాలి. చేత్తో రాస్తూ ఆలోచించేవాళ్లకి ఇది చాలా ఇబ్బంది.

ఇవాళ ఒక పని చేయండి. లాప్‌టాప్ కెమెరాతో మిమ్మల్ని మీరు వీడియో తీసుకుంటూ, కాగితం ముట్టుకోకుండా, ఒక గంట మాక్ టెస్ట్ రాయండి. తరవాత శబ్దం తీసేసి ఆ వీడియో చూడండి. పెదాలు ఎప్పుడో ఒకసారి కదిలితే నాలుగు రోజుల సాధనతో అదుపులోకి వస్తుంది. ప్రతి ప్రశ్నకీ కదులుతుంటే వాటిని ఆపడానికే మీ బుర్ర సగం ఖర్చయిపోతుంది. అప్పుడు లాప్‌టాప్ ఎంత బాగున్నా నా ఓటు సెంటర్‌కే.

గది విషయం తొందరగానే తేలుతుంది. చెక్-ఇన్ పరీక్షకి 30 నిమిషాల ముందు తెరుచుకుంటుంది. అప్పుడు మీ ముఖం, కార్డు, టేబుల్ చుట్టూ నాలుగు వైపులా గది ఫోటోలు అడుగుతారు. ఆ నాలుగు ఫోటోల్లో ఏం కనిపిస్తుందో అదే మీ గది. వైట్‌బోర్డు మీద రాతలుంటే తుడిచేయండి, మరకలు పోకపోతే దుప్పటి కప్పండి. రాక్‌ని ఖాళీ చేయనక్కర్లేదు, టేబుల్‌నే చెయ్యి చాచినా పుస్తకం అందనంత దూరం జరిపితే చాలు. టేబుల్ మీద లాప్‌టాప్, మౌస్ తప్ప ఏమీ వద్దు. చేతి వాచీ తీసేయండి. రెండో మానిటర్ ఉంటే వైరు పీకేయండి. కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది కాబట్టి వెలుతురు ముందు నుంచి వచ్చేలా కూర్చోండి. ఫోటోలకి వాడిన ఫోన్‌ని చేతికందని చోట పెట్టండి, కానీ రింగ్ వినిపించాలి, ఎందుకంటే ప్రోక్టర్ ఫోన్ చేయొచ్చు. వేరే సంస్థలు నడిపే పరీక్షల్లో, ఉదాహరణకి ప్రోమెట్రిక్‌లో, కెమెరానే గది చుట్టూ, టేబుల్ కింద తిప్పి చూపించమంటారు. మీ పరీక్షలోనూ అడిగితే విసుక్కోకండి.

బాబు సంగతి. లోపలి నుంచి గడియ ఉందా? ఉన్నా అది చాలదు. బయట నిలబడి తలుపు బాదుతూ 'అమ్మా' అని పిలిస్తే మైకులో వినిపిస్తుంది, మీరు లేచి వెళ్తే కథ ముగిసిపోతుంది. ఎవరైనా గదిలోకి వచ్చినా అంతే. పరీక్ష నడిచేంతసేపూ బాబుని ఇంట్లో ఉంచి కాపలా కాయడం కాదు, మీవారు వాణ్ణి బయటికి తీసుకెళ్లాలి. అలా కుదరదంటే మీది ఇంట్లో రాసే ఇల్లు కాదని నేను నిర్మొహమాటంగా చెప్తాను. మధ్యలో లేవాలంటే మైక్రోసాఫ్ట్ పరీక్షల్లో బ్రేక్ బటన్ ఉంటుంది. అది నొక్కకుండా కెమెరాలోంచి తప్పుకోకూడదు. బ్రేక్‌లో గడియారం ఆగదు, అప్పటిదాకా చూసిన ప్రశ్నలకి తిరిగి వెళ్లలేరు. అందుకని మళ్లీ చూద్దాంలే అనుకున్న ప్రశ్నల పని ముందే ముగించి బ్రేక్ తీసుకోవాలి.

కార్డు ఫోటో కూడా ముందే ఒకసారి తీసి చూసుకోండి. పాస్‌పోర్టు పేజీ మీద నిగనిగలాడే పొర ఉంటుంది, దాని మీద బల్బు వెలుగు పడితే పేరు అక్షరాలే మాయమవుతాయి. ఫ్లాష్ వద్దు, పగటి వెలుతురులో, నల్లటి బల్ల మీద పెట్టి, నాలుగు అంచులూ వచ్చేలా తీయండి. ఫోటో పెద్దది చేసి చూసినప్పుడు పేరు, గడువు తేదీ మీకు స్పష్టంగా చదవ వస్తే వాళ్లకీ వస్తుంది. చెక్-ఇన్‌లో తిప్పి తిప్పి తీస్తూ కూర్చుంటే సమయం పోతుంది. పరీక్ష మొదలవ్వాల్సిన సమయం దాటి 15 నిమిషాలయ్యాక ఇక లోపలికి రానివ్వరు.

ఇప్పుడు దారులు చెప్తాను. పేరు మారి, మీవారి లాప్‌టాప్ రెండుసార్లూ పాసై, వీడియోలో పెదాలు అదుపులో కనిపించి, బాబుని బయటికి తీసుకెళ్లే మనిషి దొరికితే ఇంట్లోనే రాయండి, ప్రయాణం మిగులుతుంది. పేరు మారింది కానీ ఆ మిగతా మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా సెంటర్. అప్పుడు ఉదయం బస్సు నమ్ముకోకండి, మధ్యాహ్నం స్లాట్ తీసుకోండి, లేదా ముందు రోజే చేరుకోండి. 15 నిమిషాల ముందు కాక ఇంకాస్త ముందే లోపలికి వెళ్లేలా చూసుకోండి, ఎందుకంటే ఫోటో, సంతకం, లాకర్‌లో సామాను పెట్టడం ఇవన్నీ అక్కడుంటాయి. పేరే మారకపోతే ఇల్లూ లేదు, సెంటరూ లేదు, తేదీ జరపడమే. తేదీ జరిపితే రెండు వారాలు పోతాయి, ఫీజు నిలుస్తుంది.

పద్ధతి మార్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. తేదీ మార్చే పేజీలో ఇంటి నుంచి సెంటర్‌కి మారే వీలు కనిపించకపోతే, ఉన్న బుకింగ్ రద్దు చేసి కొత్తగా బుక్ చేయాల్సి వస్తుంది. రద్దు బటన్ నొక్కే ముందు ఆ సెంటర్‌లో మీకు కావాల్సిన రోజు ఖాళీ ఉందో లేదో చూడండి. ఇళ్లలో పరీక్షకి రోజూ ఏదో ఒక సమయం దొరుకుతుంది గానీ, చిన్న సెంటర్లలో వారంలో కొన్ని రోజులే సీట్లుంటాయి. ఈ పనికి కూడా ఆ 24 గంటల గీతే వర్తిస్తుంది.

ఒకవేళ ఇంట్లో రాస్తుండగా లైను తెగితే లాప్‌టాప్ మూసేయకండి. ఆన్‌వ్యూ మళ్లీ తెరవండి, చాలాసార్లు ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. తెరుచుకోకపోతే తెర మీది సందేశాన్ని, టైమ్‌ని గుర్తుపెట్టుకుని అదే రోజు పియర్సన్ వ్యూ సపోర్ట్‌కి ఫిర్యాదు పెట్టి, కేస్ నంబర్ అడిగి తీసుకోండి. ప్రోక్టర్‌తో చాట్‌లో వాదించి లాభం లేదు. వాళ్లు నిర్ణయం మార్చలేరు, మార్చగలిగినవాళ్లు ఆ కేస్ నంబర్ తోనే మాట్లాడతారు.